సగం ఊరికి రాజయోగం

జాతకచక్రంలో రవి, బుధుడు ఒకే గడిలో కనబడితే చాలు, సిద్ధాంతిగారి గొంతు మారిపోతుంది. "బుధాదిత్య యోగమండీ! కోటికొక్కరికి పడుతుంది. మీవాడు కలెక్టరు కాకపోతే నన్నడగండి" అంటారు. తల్లి మురిసిపోతుంది. తండ్రి దక్షిణ పెంచుతాడు. ఆ వెనకే వరసలో కూర్చున్న పిల్లవాడి జాతకంలోనూ అదే యోగం ఉంటుంది. ఆ తండ్రికీ కోటికొక్కరనే చెబుతారు.

ఈ కోటి లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని, ఆకాశం లెక్క వేరే ఉంది. భూమ్మీద నుంచి చూస్తే బుధుడు సూర్యుడికి 28 డిగ్రీలు మించి ఎప్పుడూ దూరం పోడు. ఒక రాశి 30 డిగ్రీలు. ఇద్దరి మధ్య సగటు దూరం సుమారు 14 డిగ్రీలే. అంటే ఏడాదిలో దాదాపు సగం కాలం ఇద్దరూ ఒకే రాశిలో ఉంటారు. అరవైమంది ఉన్న తరగతిలో ఇంచుమించు ముప్ఫైమందికి ఈ యోగం ఉంటుంది. వెనక బెంచీలకూ వాటా దక్కుతుంది.

సరే, సగం మందికి ఉంటే ఉండనీ, ఫలితమైనా ఒకటేనా? ఇక్కడే సిద్ధాంతిగారు తన శాస్త్రాన్నే పక్కన పెడతారు. గురు మూఢం, శుక్ర మూఢం అంటూ నెలల తరబడి పెళ్లిళ్లు ఆపించే మనిషికి బుధుడి మూఢం మాత్రం గుర్తుకు రాదు. బుధుడు రవికి 14 డిగ్రీల లోపుకి, వక్రంలో ఉంటే 12 డిగ్రీల లోపుకి వస్తే అస్తంగతుడవుతాడని సూర్యసిద్ధాంతం చెబుతుంది. ఆ లెక్కన బుధాదిత్య యోగం ఉన్న జాతకాల్లో సగానికి పైగా బుధుడు మూఢంలోనే ఉంటాడు. "బుధుడు ఎప్పుడూ రవి పక్కనే కదా, ఆయనకి అస్తంగత దోషం అంటదు" అని సర్దిచెప్పేవాళ్లున్నారు. అంటనిదానికి హద్దులు రెండు విడివిడిగా రాసిపెట్టడం ఎందుకో వాళ్లే చెప్పాలి.

దగ్గరితనమే యోగబలం అనుకుంటే, 2016 మే 9ని మించిన రోజు ఉండకూడదు. ఆ సాయంత్రం బుధుడు సూర్యబింబం మీదుగానే నడిచాడు. మన దగ్గర సుమారు 4 గంటల 42 నిమిషాలకు మొదలై, సూర్యాస్తమయం దాకా టెలిస్కోపుల్లో చిన్న నల్లచుక్కలా కనిపించాడు. ఆ చుక్క సూర్యుడి వెడల్పులో 150వ వంతైనా లేదు. యోగం అంత దగ్గరగా పడితే యోగకారకుడు కనబడిన తీరు అదీ!

ఆ రోజు ఇద్దరూ మేషంలో ఉన్నారు. అది రవికి ఉచ్చరాశి. బుధుడు మాత్రం వక్రంలో, పూర్తిగా మూఢంలో ఉన్నాడు. అదే రోజు హైదరాబాదులో పుట్టిన ముగ్గురు పిల్లల్ని తీసుకుందాం. ఉదయం 7 గంటలకు పుట్టినవాడిది వృషభ లగ్నం. చతుర్థాధిపతి రవి, ద్వితీయ పంచమాధిపతి బుధుడు కలిసి వ్యయంలో పడ్డారు. 11 గంటలకు పుట్టిన పిల్లది కర్కాటక లగ్నం. రవి దశమంలో ఉచ్చ, పైగా దిగ్బలం. యోగానికి కాస్త పేరొస్తే ఈ పిల్లకే రావాలి. అయితే అక్కడా బలమంతా రవిదే, బుధుడిది కాదు. రాత్రి 8 గంటలకు పుట్టినవాడిది వృశ్చిక లగ్నం, ఇద్దరూ ఆరింట. ముగ్గురికీ కంప్యూటర్ జాతకంలో పడేది మాత్రం ఒకటే వాక్యం: "బుధాదిత్య యోగం ఉన్నది, మేధావి అగును."

రాశి మారితే కథ ఇంకోలా తిరుగుతుంది. 2019 నవంబరు 11న బుధుడు మళ్లీ సూర్యబింబాన్ని దాటాడు. కలయికలో తేడా ఏమీ లేదు, కాని ఈసారి ఇద్దరూ తులలో ఉన్నారు. అక్కడ రవి నీచ. మీనంలో కలిస్తే బుధుడికి నీచ. కన్యలో కలిస్తే బుధుడు స్వక్షేత్రంలో ఉచ్చ. ధనుర్లగ్నానికి ఆ కన్య దశమం అవుతుంది. నవమాధిపతి రవి, దశమాధిపతి బుధుడు అక్కడ కలిసి, మధ్యన 15 డిగ్రీల ఎడముంటే, అప్పుడు సిద్ధాంతిగారు గొంతు మార్చినా అర్థముంది. ఇన్ని షరతులు కుదిరిన జాతకం ఆయన బల్ల మీదికి ఎన్నాళ్లకొకటి వస్తుందో ఆయనకి బాగా తెలుసు. వచ్చిన ప్రతి జాతకానికీ అదే రేటు తీసుకుంటారు గాని.

బుధుడు సూర్యబింబాన్ని మళ్లీ దాటేది 2032 నవంబరు 13న. మధ్యాహ్నం వేళ, మన దేశంలో కనిపించేలా. ఆ రోజుకీ రవి తులలోనే ఉంటాడు. "పూర్ణ బుధాదిత్య యోగం, అరుదైన ముహూర్తం" అని సిజేరియన్లకు టైము రాసిచ్చేవాళ్లు అప్పటికి బోలెడుమంది తయారవుతారు. ఆ చీటీ తీసుకునే తండ్రి రెండే ప్రశ్నలు అడగాలి: రవికీ బుధుడికీ మధ్య డిగ్రీలెన్ని? ఈ లగ్నానికి వాళ్లిద్దరూ ఏ భావాలకు అధిపతులు?