ఇందుమూలంగా ఇరవై ఎనిమిదోసారి

మా ఊళ్లో టముకు వేసేవాడికి చదువు రాదు. కానీ జనానికి కబురు చెప్పే విద్య వాడికి బాగా తెలుసు. పొలాల నుంచి మనుషులు తిరిగొచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టే వేళకే బయల్దేరేవాడు. వీధి మలుపులో నాలుగు దెబ్బలు కొట్టి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని అందుకుని, ఏ పన్ను, ఎప్పటిలోగా, ఎవరికి కట్టాలి, కట్టకపోతే ఏమవుతుంది, ఈ నాలుగు ముక్కలూ చెప్పి పక్క వీధికి పోయేవాడు. ఒక వీధికి ఒక్కసారే. అందుకే డప్పు మోగిందంటే ఊరంతా చెవులు రిక్కించేది.

ఇప్పుడు నేను ఖోర్ ఫక్కాన్‌లో ఉంటున్నాను. ఒకపక్క హజర్ కొండలు, ఇంకోపక్క ఒమన్ సముద్రం, మధ్యలో కంటెయినర్ల పోర్టు. టముకు వేసేవాడు లేడు. వాడి బదులు మా కంపెనీలో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి పొద్దూమాపూ లేదు, వీధులూ లేవు, అలుపు అసలే లేదు. అలుపంతా వినేవాళ్లకే.

దాని మీద నాకు కోపం రావడానికి కారణం మా వెల్డర్ పెద్దాయన. ఆయనది జగిత్యాల వైపు. కిందటేడు ఆయన బతాకా గడువు దగ్గరపడింది. బతాకా అంటే ఎమిరేట్స్ ఐడీ కార్డు. అది లేకపోతే ఈ దేశంలో మనం ఉన్నామని రుజువు చేసుకోవడమే కష్టం. సాఫ్ట్‌వేర్ ఆయన్ని వదిలిపెట్టలేదు. గడువుకు 30 రోజుల ముందు, 15, 10, 7, 3, 2, 1 రోజు ముందు, మొత్తం ఏడుసార్లు గుర్తుచేసింది. ఏడుసార్లూ ఎస్ఎంఎస్, ఈమెయిల్, వాట్సాప్, కంపెనీ యాప్ అని నాలుగు దారుల్లో. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. ఇలాంటి కాగితాలు ఆయనకు ఆరున్నాయి: బతాకా, వీసా, లేబర్ కార్డు, ఇన్సూరెన్స్, పోర్టు గేట్ పాస్, సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్. ఒక విడత తిరిగేసరికి నూట అరవై ఎనిమిది మెసేజ్‌లు. అన్నీ ఒక్క మనిషికే.

ఇంతచేసినా బతాకా రెన్యూ కాలేదు. గడువు రోజున మా పీఆర్వో కాగితాలు పట్టుకుని వెళ్తే అసలు సంగతి బయటపడింది. పెద్దాయన పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు కూడా మిగల్లేదు. ముందు పాస్‌పోర్టు మారాలి, ఆ తర్వాతే వీసా, ఆ తర్వాతే బతాకా. ఆరు కాగితాల జాబితాలో పాస్‌పోర్టు లేనే లేదు. అది పనివాడి దగ్గరే ఉంటుంది కాబట్టి దాని తేదీ ఎక్కించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదట. అంటే సాఫ్ట్‌వేర్ ఇరవై ఎనిమిదిసార్లు గుర్తుచేసింది ఆయన చేయలేని పనిని. చేయవలసిన పనిని ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు.

కొత్త పాస్‌పోర్టు వచ్చి, మిగతావన్నీ పూర్తయ్యేసరికి గడువు దాటి 48 రోజులైంది. మొదటి 30 రోజులు మాఫీ. మిగిలిన 18 రోజులకు రోజుకు 20 దిర్హాముల లెక్కన 360 దిర్హాములు ఫైను. కొత్త కార్డు చేతికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఇంకో మెసేజ్: మీ ఐడీ గడువు ముగిసింది, వెంటనే రెన్యూ చేయించుకోండి అని. పని అయిపోయిందన్న సంగతి సాఫ్ట్‌వేర్‌కి చెప్పేవాళ్లు లేరు.

"అన్నా, ఇన్ని మెసేజ్‌లు వచ్చినయి గదా, ఒక్కటి గూడ చూడలేదా?" అని ఆయన భాషలోనే అడిగాను.

"చూసిన తమ్మీ. అన్నీ ఒక్కతీరుగనే ఉంటయి. దేనికని చదువాలె? బొటనవేలు కొట్టి పక్కకు పెట్టిన."

ఆ బొటనవేలి గుర్తులన్నీ ఆఫీసులో భద్రంగా ఉన్నాయి. మెసేజ్ అందిందనడానికి సాక్ష్యమట. వచ్చిన రెండు సెకన్లలో పడిన బొటనవేలు చదివినందుకు కాదు, వదిలించుకున్నందుకు గుర్తు. ఈ తేడా తెలియకే ఫైను గురించి మీటింగు పెట్టి ఒక తీర్మానం చేశారు: ఇంకో రెండు రిమైండర్లు కలపాలని. మందు పనిచేయకపోతే మోతాదు పెంచే వైద్యుణ్ణి చూశాం కానీ, రోగం మందువల్లే వచ్చిందన్నా పెంచేవాణ్ణి ఇక్కడే చూశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మా ఆఫీసు ఇంకో మెట్టు పైనుంది. బాగా వినపడేవాడి ముందు ఊదీ ఊదీ, వాణ్ణి చెవిటివాణ్ణి చేసి, ఆ తర్వాత వీడికి వినపడదని ఫైలు రాసుకుంది.

ఇది చదువురాని వెల్డర్ల సమస్య అనుకునేవాళ్లు 1994 జులై 24న బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో ఏం జరిగిందో తెలుసుకోవాలి. పిడుగుల వానతో ప్లాంటు గాడి తప్పింది. కొన్ని గంటల తర్వాత పేలుడు జరిగి 26 మంది గాయపడ్డారు. ఆ పేలుడుకు ముందు చివరి పదకొండు నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయి. రెండు మూడు సెకన్లకొకటి. వాళ్లు శిక్షణ పొందినవాళ్లు, తెర ముందే కూర్చున్నవాళ్లు. అయినా అన్ని మోతల్లో పనికొచ్చే మోత ఏదో ఏరుకోలేకపోయారు. ఆ తర్వాత కంట్రోల్ రూముల కోసం రాసిన మార్గదర్శకాల్లో ఒక లెక్క కట్టారు: మామూలు రోజుల్లో ఒక ఆపరేటర్‌కు సగటున పది నిమిషాలకు ఒక అలారం మించకూడదని. రిఫైనరీ నడిపేవాడి బుర్రకే అంత పరిమితి ఉంటే, పన్నెండు గంటల డ్యూటీ దిగి బస్సులో కునుకుతీసే మనిషికి ఎంత ఉండాలి?

అన్నిటికంటే వింత ఏమిటంటే, ఈ దేశంలో అమ్ముకునేవాడికి హద్దులున్నాయి. 2024 ఆగస్టు 27 నుంచి అమలైన టెలిమార్కెటింగ్ నిబంధనల ప్రకారం క్రెడిట్ కార్డు అంటగట్టేవాడు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపే ఫోన్ చేయాలి. వద్దన్నవాడికి ఆ రోజు మళ్లీ చేయకూడదు. ఎత్తకపోతే రోజుకు ఒకసారి, వారానికి రెండుసార్లు మించి ప్రయత్నించకూడదు. తప్పితే జరిమానా లక్షా యాభై వేల దిర్హాముల దాకా. అంటే మన డబ్బు కాజేయాలనుకునేవాడికి మర్యాద నేర్పే చట్టం ఉంది. మన మేలు కోరేవాడికే ఏ అడ్డూ లేదు. అర్ధరాత్రయినా, ఇరవై ఎనిమిదోసారయినా మేలు కోరవచ్చు.

ఇంతకీ ఎన్నిసార్లు గుర్తుచేయాలి? పెద్దాయన కేసునే తిరగేసి చూద్దాం. గడువు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టడంలోనే మొదటి తప్పుంది. మొదటి పని ఎక్కడ మొదలవ్వాలో అక్కడినుంచి లెక్కపెట్టాలి. పాస్‌పోర్టుకు నెలా రెండు నెలలు పట్టవచ్చు కాబట్టి మొదటి కబురు నాలుగు నెలల ముందు, పాస్‌పోర్టు గురించి. నెల తర్వాత కూడా అది ఆఫీసుకు రాకపోతే రెండో కబురు. అప్పటికీ కదలిక లేకపోతే మూడోది పెద్దాయనకు కాదు, ఆయన ఫోర్‌మెన్‌కు వెళ్లాలి. రెండుసార్లు విననివాడికి మూడోసారి కావలసింది అదే గొంతు కాదు, ఇంకో మనిషి. పని అయిన క్షణాన అన్నీ ఆగిపోవాలి. ఇరవై ఎనిమిది బదులు మూడు. నాలుగు దారుల్లో కాదు, ఆయన నిజంగా చూసే ఒక్క దారిలో.

మెసేజ్ మాటల సంగతి ఇంకా ఘోరం. మా సాఫ్ట్‌వేర్ పంపే ప్రతి కబురూ ఇంగ్లీషులో ఇలా మొదలవుతుంది: "డియర్ వాల్యూడ్ ఎంప్లాయీ, దిస్ ఈజ్ ఎ జెంటిల్ రిమైండర్ దట్". ఇంగ్లీషు ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాల చోటుంటే, అందులో యాభైరెండు ఈ దండాలకే పోయాయి. లాక్ పడిన ఫోన్ తెర మీద కనిపించేది కూడా ఆ మొదటి ముక్కే. బతాకా అయినా, గేట్ పాస్ అయినా తెర మీద ఒక్కటే మాట. ఆరు వేర్వేరు కబుర్లు ఒకే ముఖం పెట్టుకుని వస్తే పెద్దాయన మాత్రం ఏం పోల్చుకుంటాడు? పైగా అది జెంటిల్ అట. ఇరవై ఎనిమిదోసారి తలుపు కొట్టేవాడు ఎంత మెల్లగా కొడితే మాత్రం ఏం లాభం?

తెలుగులో రాస్తే ఎస్ఎంఎస్‌కు 70 అక్షరాలే పడతాయి, గుణింతాలు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ఇది లోపమనుకుంటారు కానీ నిజానికి వరం. దండాలకు చోటుండదు. "పాస్‌పోర్ట్ రెన్యూ చేయాలి. మార్చి 12లోపు ఆఫీసుకు తీసుకురండి." అరవైలోనే సరిపోయింది. ఏ పని, ఎప్పటిలోగా, ఎక్కడికి. టముకువాడు చెప్పే ముక్కల్లో మూడు. నాలుగోది, ఆలస్యమైతే రోజుకు 20 దిర్హాములన్నది, రెండో కబురుకు దాచుకోవచ్చు. అప్పుడు రెండోది మొదటిదానికి నకలుగా ఉండదు.

ఇక వేళ. షార్జా ఎమిరేట్‌లో 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసులకు శుక్ర, శని, ఆదివారాలు సెలవు. ఖోర్ ఫక్కాన్ షార్జా కిందిదే. అయినా నా ఇంటి అగ్రిమెంటు మున్సిపాలిటీలో నమోదు చేయించమని యాప్ నుంచి కబురు శుక్రవారం పొద్దున తొమ్మిదికే వస్తుంది, "ఈరోజే" అని. తలుపులు మూసిన కౌంటర్ దగ్గరికి నన్ను తరిమి, సోమవారం నాటికి నేను మరిచిపోయాక అది నిద్రపోతుంది. అలాగే జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఎండలో పనిచేసేవాళ్లకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు విశ్రాంతి. మనిషి నీడలో కన్ను మూసే ఆ వేళే ఒంటిగంటకు ఫోన్ టింగుమంటుంది. నైట్ డ్యూటీవాడికి పొద్దున పదింటికి. వేళ కాని వేళ వచ్చిన కబురును మనిషి చదవడు, నోరు నొక్కుతాడు. ఒకసారి సైలెంట్‌లో పడిన గ్రూపు మళ్లీ మాట్లాడదు. మా పెద్దాయనకు సరైన వేళ బుధవారం సాయంత్రం, డ్యూటీ దిగి క్యాంపు బస్సు కోసం నిలబడే పది నిమిషాలు. మర్నాడు ఆఫీసులు తెరిచే ఉంటాయి.

అన్నీ తగ్గించమని కాదు. కొండల్లో వానపడి వాగు పొంగినప్పుడు ప్రభుత్వం పంపే హెచ్చరిక ఎంత పెద్దగా మోగినా మంచిదే. 2022 జులైలో ఈ తీరాన్ని వరద ముంచెత్తింది. కానీ ఆ మోత విని మనం ఉలిక్కిపడాలంటే, మిగతా రోజుల్లో ఫోన్ ఊరుకోవాలి. ఇన్సూరెన్స్ కార్డూ వరదా ఒకే గొంతుతో అరిస్తే, పెద్దాయన బొటనవేలు రెంటినీ ఒకేలా పక్కకు నెడుతుంది.

ఇదంతా ఒక కాగితం మీద రాసి మా మేనేజర్‌గారికి ఇచ్చాను. మూడు కబుర్లు, ఒక్క దారి, అరవై అక్షరాలు, బుధవారం సాయంత్రం. ఆయన ఓపిగ్గా చివరిదాకా చదివారు. కళ్లజోడు తీసి, మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు.

"చాలా బాగుందండీ. ఇది అందరూ తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. ప్రతి సోమవారం అందరికీ పంపిద్దాం."