లాంగ్ టర్మ్ మహాత్మ్యం

మా కొండపల్లిలో ఇంటర్ అయిన పిల్లాడు ఇంట్లో ఉంటే పరువు తక్కువ. "మావాడు లాంగ్ టర్మ్" అంటే మాత్రం ఎదుటివాడు కుర్చీ వేసి కూర్చోబెడతాడు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు వరసగా రెండేళ్లు, రెండే అవకాశాలు. నీట్‌కు ఆ హద్దు లేదు కాబట్టి ఈ గౌరవం ఏటా రెన్యువల్ చేయించుకోవచ్చు.

మే మొదట్లో పరీక్ష. ఫలితం వచ్చేదాకా పుస్తకం ముట్టరు, వచ్చి ఏం తేలుతుందోనని. వచ్చాకా ముట్టరు, కౌన్సెలింగ్‌లో ఏ రౌండ్‌లోనో సీటు తగులుతుందని. ఈలోగా చదివే అలవాటు కాస్తా పోతుంది. అప్పుడు బెజవాడ శివారు హాస్టల్లో పడేస్తారు. అక్కడ మళ్లీ మొదటి పాఠం, ప్రమాణాలు, కొలతలు. మూడోసారి వింటున్న పిల్లాడు "ఇదంతా నాకొచ్చు" అని తలూపుతాడు. పుస్తకం మూసి రాయమంటే పెన్ను కదలదు.

మా ఊళ్లో బొమ్మ అతుకు ఊడితే, ఊడిన చోటే చింతగింజల మక్కు పెడతారు. తెల్లపొణికి కర్ర తెచ్చి బొమ్మంతా మళ్లీ చెక్కరు. ఆ తెలివి మన హాస్టళ్లకు రాలేదు.

ఊడిందెక్కడో చూద్దాం. నీట్‌లో 180 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. ఒకడికి 120 ఒప్పు, 40 తప్పు, 20 వదిలేశాడనుకోండి. 440 మార్కులు. ఇంటికి తెచ్చుకున్న ప్రశ్నపత్రం, ఓఎంఆర్ కాపీ, కీ ముందు పెట్టుకుని ఆ 40 తప్పులూ విడదీస్తే, 18 గుడ్డిగా పెట్టినవి. వదిలేసి ఉంటే 18 మార్కులు మిగిలేవి. 12 వచ్చినవే, 'కానిది ఏది' అన్న మాట చదవకో, కూడికలోనో పోయాయి. ఒక్కోటి 5 మార్కుల తేడా, మొత్తం 60. కొత్త పాఠం ఒక్కటీ చదవకుండానే 518! నిజంగా రానివి పదే. ఏడాదంతా చదవాల్సింది ఆ పదీ, వదిలేసిన 20 వెనకున్న పాఠాలు. ఫీజు మాత్రం 180 ప్రశ్నలకూ.

పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. హాస్టల్లో తెల్లారుజామున లేపుతారు, అర్ధరాత్రి దాకా కూర్చోబెడతారు. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు మాత్రం పిల్లాడు అన్నం తిని తూగుతుంటాడు. ఇంట్లో ఉన్నవాడైతే పొద్దున్నే తెల్లకాగితం మీద నిన్నటి పాఠం చూడకుండా రాసి, మూడోనాడు, వారానికి మళ్లీ రాయొచ్చు. ఆదివారం సరిగ్గా ఆ మూడు గంటలూ పూర్తి పేపరు పట్టొచ్చు. ఫలితాల కోసం చూసే రోజుల్లోనూ ఇది ఆగక్కర్లేదు. కాకపోతే, చుట్టాలకు చెప్పుకోడానికి దీనికి పేరు లేదు.

హాస్టల్లోనే వేస్తామంటారా, వేయండి. ఫీజు కట్టేముందు ఒక్క మాట అడగండి: "మావాడి 40 తప్పులు మీలో ఎవరు చూస్తారు?" జవాబుగా ర్యాంకుల ఫ్లెక్సీ చూపిస్తే, చెక్కు పుస్తకం జేబులో పెట్టుకుని ఇబ్రహీంపట్నం బస్సెక్కండి.