సున్నా కింది నేలమాళిగ

తిరుప్పూరులో బనియన్ కంపెనీ మారడం చొక్కా మార్చినంత తేలిక. ఆర్డరు ఎక్కడుంటే టైలరు అక్కడ. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎగబాకాక ఆ తిరుగుడు ఇంకా ఎక్కువైంది. మా పక్కింటి పవర్ టేబుల్ టైలరు మామ కూడా అలాగే కంపెనీ మారాడు. కొత్త కంపెనీ కొత్త బ్యాంకులో జీతం ఖాతా తెరిచింది. పాత ఖాతా పాతచోటే ఉండిపోయింది, ఎందుకంటే బండి అప్పు ఈఎంఐ మాండేటు దానికే కట్టి ఉంది.

జీతం పడినంతకాలం ఆ ఖాతాకు కనీస నిల్వ అక్కర్లేదు. సాధారణంగా మూడు నెలలు జీతం రాకపోతే అది మామూలు సేవింగ్స్ ఖాతా అయిపోతుంది. నిన్నటిదాకా ఇంటల్లుడు, ఇవాళ్టి నుంచి అద్దెకున్నవాడు. మామ ఖాతాకు నెల సగటున పదివేలు ఉండాలన్నారు. సగటంటే రోజూ ఉన్న నిల్వలన్నీ కూడి, నెల రోజులతో భాగించినది. అంటే ముప్పై రోజుల నెలలో ఒక్క రాత్రి మూడు లక్షలు పడుకోబెట్టినవాడు మర్యాదస్థుడే. ఏడాదంతా తొమ్మిది వేలు కదలకుండా ఉంచినవాడు మాత్రం నేరస్థుడు.

మామ ఖాతాలో 140 రూపాయలున్నాయి. లోటులో ఆరు శాతం, గరిష్ఠంగా 500 అన్నది ఆ బ్యాంకు లెక్క. దానిపై 18 శాతం జీఎస్టీ 90. మొత్తం 590. జీఎస్టీ సేవ మీద వేసే పన్ను కదా, ఇక్కడి సేవేమిటి? ఈయన దగ్గర డబ్బు లేదని కనిపెట్టడమే!

140 గీకేశారు. మిగిలిన 450 ఏమైంది? ఇక్కడే బ్యాంకు వినయం చూడాలి. 2014 నవంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చి, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన ఆదేశం ప్రకారం, కేవలం కనీస నిల్వ జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. పోనివ్వలేదు. సున్నా దగ్గర ఆపి, బాకీని 'లీన్' పేరుతో కింద నేలమాళిగలో దాచారు. పైన నేల శుభ్రంగా తుడిచి ఉంది.

నాలుగో తేదీన మామ ఈఎంఐ కోసం రెండు వేలు వేశాడు. నేలమాళిగ తలుపు తెరుచుకుంది, 450 లోపలికి పోయింది. ఉన్నవి 1,550. ఐదో తేదీన 1,950 ఈఎంఐ వచ్చి తిరిగిపోయింది. తిరిగిపోయినందుకు 590. మిగిలినవి 960. ఫైనాన్స్ కంపెనీ మళ్లీ పంపింది, మళ్లీ తిరిగింది, మళ్లీ 590. మిగిలినవి 370. నెలాఖరుకు కనీస నిల్వ లేదని ఇంకో 590, అందులో 370 పట్టారు, 220 నేలమాళిగకు పంపారు. లెక్క కూడండి: బండి కోసం వేసిన రెండు వేలలో ఒక్క రూపాయి బండికి చేరలేదు. ఫైనాన్స్ కంపెనీ తన బౌన్స్ ఛార్జీ వేరే రాసుకుంది.

అయినా ఖాతా ఒక్కరోజు కూడా మైనస్ కాలేదు. ఆదేశం అక్షరాలా పాటించారు!

ఇంత ఓపిక లేని బ్యాంకులు నేరుగా మైనస్ చూపించేస్తాయి. అడిగితే 'కేవలం' అన్న మాట పట్టుకుంటాయి: ఇది కేవలం నిల్వ జరిమానా కాదండీ, బౌన్స్ ఛార్జీ కూడా ఉంది. ఆ బౌన్స్ ఎవరి చలవ అని అడగకూడదు. మంత్రం వేసి దెయ్యాన్ని రప్పించినవాడే వదిలించడానికి దక్షిణ అడుగుతున్నాడు.

జరిమానాకు ముందు చెప్పి, నిల్వ సరిచేసుకోవడానికి నెల గడువివ్వాలని కూడా అదే ఆదేశంలో ఉంది. చెప్పారట. మామ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బ్యాంకు ఇంగ్లీషు. ఆ కబురు లోన్ ప్రకటనల మధ్య ఎక్కడో ఉంది.

2018 నుంచి ప్రభుత్వ బ్యాంకులు, అయిదు పెద్ద ప్రైవేటు బ్యాంకులు కలిసి కనీస నిల్వ జరిమానా పద్దు కింద 21,000 కోట్లు దాటి వసూలు చేశాయని 2023లో పార్లమెంటుకే చెప్పారు. స్టేట్ బ్యాంకు 2020లో, కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకులు 2025లో దీన్ని ఎత్తేశాయి. వాటి పైకప్పులేమీ కూలలేదు.

నేను మామ ఫోనులో రెండు అంకెలు చూపించాను. లెడ్జర్ బ్యాలెన్స్ ఒకటి, అవైలబుల్ బ్యాలెన్స్ ఒకటి. డబ్బు వేసినరోజు ఆ రెండింటి తేడాయే నేలమాళిగ లోతు. ఆదేశం తేదీ రాసి బ్యాంకుకు ఫిర్యాదు ఇవ్వమన్నాను. ముప్పై రోజుల్లో జవాబు లేకపోయినా, జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు. లేదా కనీస నిల్వ అడగని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని అర్జీ ఇవ్వొచ్చు.

"ఎందుకబ్బా, మూసేస్తే పోలే?" అన్నాడు మామ. మాండేటు కొత్త ఖాతాకు మార్చుకుని, ఒకరోజు కూలి వదులుకుని వెళ్లాడు. మూయాలంటే ముందు 220 కట్టమన్నారు. నోట్లే లెక్కపెట్టి ఇచ్చాడు. అవి తీసుకుని, వెళ్లిపోవడానికి కారణమేమిటని ఒక ఫారం నింపమన్నారు, ఇంగ్లీషులో.