చెక్కుల బాబాయి

చుట్టాల్లో ఎక్కడో ఒకచోట చెక్కుల బాబాయి ఉండి తీరతాడు. సాధారణంగా ఏదో ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయి ఉంటాడు. ఇంట్లో ఎవరు స్థలం కొన్నా చెక్కు మాత్రం ఆయనే రాయాలి. ముందుగా పాత క్యాలెండరు కాగితం వెనక మొత్తం వేస్తాడు. కుడివైపు నుంచి మూడంకెలు లెక్కపెట్టి కామా పెడతాడు, ఆ పైన రెండేసి అంకెలకో కామా. పైకి చదువుతాడు, ఎదుటివాళ్లచేత చదివిస్తాడు. ఈలోగా స్థలం అమ్మేవాడు రెండో కాఫీ కూడా ముగిస్తాడు. బాబాయిది చాదస్తమేనని అందరూ అంటారు. నేనూ కాదనను. కానీ అందులో ముప్పాతికకు గట్టి కారణముందని నా వాదన.

బేరం నోటిమాటగా "కోటీ ఐదు" దగ్గర తెగిందనుకోండి. ఆ ఐదు ఐదు లక్షలని బేరమాడినవాళ్లకు తెలుసు, కాగితానికి తెలియదు. దానికి చిల్లర ఖర్చు ఏడు వందల యాభై కలిపితే మొత్తం 1,05,00,750. ఇక్కడ వేల స్థానం ఖాళీ. అంకెల్లో ఆ ఖాళీని రెండు సున్నాలు కాపలా కాయాలి. వాటిలో ఒకటి జారితే 10,50,750 అవుతుంది, అంటే పది లక్షల చిల్లర. చూడ్డానికి అదీ పెద్దమనిషి తరహాగానే ఉంటుంది, ఎక్కడా తప్పు కనిపించదు. అక్షరాల్లో అయితే "ఒక కోటి ఐదు లక్షల ఏడు వందల యాభై రూపాయలు మాత్రమే" అని రాస్తాం. వేలు లేవు కాబట్టి వేల ఊసే ఎత్తం. ప్రతి స్థానం తన పేరు తానే చెప్పుకుంటుంది గనుక సున్నాలతో పనిలేదు. "అంకె జారుతుందిరా, అక్షరం జారదు" అని బాబాయి అనేది ఇందుకే. చివర "మాత్రమే" అని రాసి, మిగిలిన ఖాళీలో గీత కొట్టడం కూడా ఇంకెవరూ ఏమీ చేర్చకుండా ఉండేందుకే.

చట్టం కూడా ఆయన పక్షమే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షను ప్రకారం అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే మొత్తం. అలాంటప్పుడు అంకెల కోసం ఇంత హైరానా ఎందుకని అల్లుడు అడగవచ్చు. చట్టం మాట చట్టానిదే, కౌంటరు మాట కౌంటరుదే. రెండూ కలవకపోతే బ్యాంకు సాధారణంగా తీర్పు చెప్పే పని పెట్టుకోదు, చెక్కు తిప్పి పంపేస్తుంది. పోనీ కొట్టేసి, దిద్ది, పక్కన సంతకం పెడదామా అంటే ఇప్పుడు అదీ కుదరదు. క్లియరింగుకు వెళ్లేది కాగితం కాదు, దాని బొమ్మ. అందుకే మొత్తంలో దిద్దుబాటు ఉంటే ఒప్పుకోరు, కొత్త లీఫ్ చించాల్సిందే. క్యాలెండరు కాగితం మీద అరగంట ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమవుతుంది.

కంప్యూటరే రాసిపెడుతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. రాస్తుంది, మన లెక్క దానికి నేర్పి ఉంటే. మిలియన్ల అలవాటుతో తయారైన ప్రోగ్రామైతే అదే మొత్తాన్ని 10,500,750 అని విడగొట్టి, పది మిలియన్ల ఐదు వందల వేలంటూ మొదలుపెడుతుంది. దాన్ని పట్టుకోవడానికి బాబాయి దగ్గర చిన్న పరీక్ష ఉంది: లక్షల ముందు, వేల ముందు తొంభై తొమ్మిదికి మించిన సంఖ్య రాకూడదు, వందల ముందు తొమ్మిదికి మించకూడదు. కోటి దాటాక మాత్రం వాడుకలో కొత్త పేరు లేదు. కోట్ల సంఖ్యనే మళ్లీ మొదటినుంచి చదువుకోవాలి: 12,50,00,00,000 అంటే వెయ్యి రెండు వందల యాభై కోట్లు. అంత సొమ్ము కళ్లచూడకపోయినా ఆయన ఈ పాఠం ఎవరూ అడక్కుండానే చెబుతాడు.

ఆయన హద్దు దాటేదీ ఇక్కడే. ఎవరైనా "నూట ఐదు లక్షలు" అని రాస్తే మహాపాపం చేసినట్టు చూస్తాడు. అదీ కోటీ ఐదు లక్షలే, విలువలో రూపాయి కూడా తేడా లేదు. పద్ధతి తప్పిందేమో గానీ డబ్బు తప్పలేదు. ఈ రెంటికీ తేడా చూడకపోవడమే ఆయనలోని అసలు చాదస్తం, నేను ఒప్పుకోని ఆ మిగతా పాతిక. ఆయన్ని తప్పించుకోవాలంటే ఆ పరీక్షేదో మనమే నేర్చుకోవాలి. నేర్చుకున్నవాళ్లు బాగుపడతారన్న ఆశ నాకు లేదు. పై పేరాల్లోని కామాలన్నీ కుడినుంచి లెక్కపెట్టి, పైకి చదివి మరీ చూసుకున్నాను.