నాలుగు పేజీల బావగారు

పదవీ విరమణ సభలో మైకు చేతికిస్తే ఎవరైనా మాట్లాడతారు. మా బావగారు రాసుకుంటారు. నాలుగు పేజీలు, మార్జిన్ కూడా వదలకుండా. "దీన్ని చిన్న కార్డుల మీదకి ఎక్కించి పెట్టు బావా, నీకు ఇలాంటివి బాగా వచ్చుగా" అని ఆ కట్ట నా ఒళ్లో పడేసిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

మనసులో చదువుకుంటే అయిదు నిమిషాల్లో అయిపోయిందట. నిలబెట్టి, పైకి చదివించి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాను. 11 నిమిషాలు. సభవారు ఇచ్చింది 5. అందులో చప్పట్లకీ, మైకు సర్దుకోడానికీ, గొంతు సవరించుకోడానికీ ముప్పావు నిమిషం పోను మిగిలేది 4 నిమిషాల 15 సెకన్లు. కోత మొదలుపెట్టాను.

కోసినంత మాత్రాన కార్డు అవదు. ఆయన వాక్యం చూడండి: "1987లో గుమాస్తాగా చేరి, ఫ్యానైనా లేని గదిలో కూర్చుని, లెడ్జర్లు చేత్తో రాస్తూ, నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకుని, ఈ రోజు మీ ముందు నిలబడ్డాను." కాగితం మీద బాగానే ఉంది. మైకులో ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? "చేరి" దగ్గర ఆగితే వినేవాడు "చేరి?" అని మెడ చాస్తాడు. "చేరాను" దగ్గర ఆగితే హాయిగా వెనక్కి వాలతాడు. అందుకని ఆ గొలుసు తెంపేశాను:

1987 – గుమాస్తాగా చేరాను //
ఫ్యాన్ లేని గది / చేత్తో లెడ్జర్లు రాశాను //
నలభై దాటాక / కంప్యూటర్ నేర్చుకున్నాను //

ఒక గీత అంటే ఊపిరి. రెండు గీతలంటే మనసులో ఒకటీ రెండూ లెక్కపెట్టి, తలెత్తి జనాన్ని చూడాలి. మొదట క్రియలు కూడా తీసేసి "గుమాస్తా, గది, లెడ్జర్లు" అని రాసిస్తే, బావగారు వాటిని టెలిగ్రామ్‌లా చదివేశారు. మాట మధ్యలో కళ్లు కార్డు మీదకి దిగాయంటే అక్కడ రాసింది చాలలేదని అర్థం. మొదటి వాక్యం, చివరి వాక్యం, పేర్లు, సంవత్సరాలు మాత్రం పూర్తిగా రాశాను. గొంతు వణికేది సరిగ్గా అక్కడే.

కార్డు మూల నంబరు. దాని కింద ఆ కార్డు ముగిసేసరికి గడియారం ఎంత చూపాలో అది. కార్డుకు 40 సెకన్లని విడివిడిగా రాస్తే, మైకు ముందు కూడికలు ఎవరు చేస్తారు? మూడో కార్డు కింద "2:10" అని ఉండి, గడియారం 2:40 అంటోందనుకోండి, నాలుగో కార్డులో ఏ ముక్క వదిలేయాలో ముందే చుట్టూ గీసిన చతురస్రం చెబుతుంది.

ఇంత శాస్త్రమూ సంబోధన దగ్గర నీరుగారిపోయింది. వేదికను అలంకరించిన పెద్దలు. సభాధ్యక్షులు గౌరవనీయులు ఫలానా. ముఖ్య అతిథి గౌరవనీయులు ఫలానా. ఆత్మీయ అతిథులు ఇద్దరు. ముఖ్య అతిథికీ ఆత్మీయ అతిథికీ తేడా ఏమిటంటే, రెండో ఆయనకి శాలువా కాస్త పల్చన. యూనియన్ వాళ్లను ముందు చెబితే ఆఫీసర్లకి కోపం, ఆఫీసర్లను ముందు చెబితే యూనియన్ వాళ్లు టిఫిన్ల దగ్గర మాట్లాడరు. ఇద్దరినీ కలిపి "పెద్దలందరికీ" అందామంటే, "అందరిలో నేనొకణ్నా?" అనేవాళ్లు కనీసం ముగ్గురు ఉన్నారట, వాళ్ల ఇంటిపేర్లతో సహా చెప్పారు. వేదిక కింద కూర్చునే ఒకాయన ఎప్పుడైనా పైకి రావచ్చట, ఆయన కోసం ఖాళీ గీత వదలమన్నారు. వదిలాను. సంబోధన కార్డును విడిగా, పెన్సిల్‌తో రాశాను. చదివించి చూస్తే 1 నిమిషం 20 సెకన్లు. 4:15లో అది పోతే, ముప్పై ఏళ్లు దాటిన ఉద్యోగానికి మిగిలేది మూడు నిమిషాలైనా లేదు.

ఇంకో బాధ. రాత్రి కార్డులిస్తే పొద్దున్నకల్లా నేను కోసినవన్నీ చీమల బారులా మళ్లీ మొలుస్తున్నాయి. గీతల మధ్య, నంబరు చుట్టూ, చివరికి వెనకవైపు కూడా. వెనకవైపు రాయకూడదండీ, తిప్పాలో మార్చాలో తెలీక చేతులు తడబడతాయి అంటే, "ఒక్క ముక్కేగా బావా" అంటారు.

ఆ నాలుగు పేజీల్లో మొదటి జీతం వచ్చేదాకా తనకి చేబదులిచ్చిన అటెండరు గురించి అరపేజీ ఉంది. నా కోతలో అది "మొదటి జీతం దాకా / అటెండరు అప్పిచ్చాడు //" అయింది. 8 సెకన్లు. రెండుసార్లు ప్రమోషన్ ఆపిన అధికారికి హోదాతో కలిపి 12 సెకన్లు. సభ మర్యాద అంతే మరి, ఉన్నవాళ్లకే కాలం, పోయినవాళ్లకు గీతలు. ఆ కార్డు దగ్గరికి వచ్చినప్పుడల్లా బావగారు ఆగిపోతున్నారు. రెండు గీతలకి ఎంత ఆగాలో అంతకి మించి ఆగుతున్నారు. స్టాప్‌వాచ్ పరిగెడుతూ ఉంటుంది, నేను ఏమీ అనను. ఆ సెకన్లన్నీ కూడి, కంప్యూటర్ ముచ్చటను చతురస్రంలో పెట్టేశాను.

ఇప్పుడే ఫోన్ చేశారు. ఖాళీ గీత పెద్దమనిషి వేదిక మీదకే వస్తున్నారట. హోదా రెండు లైన్లుంది. పేరొక్కటే రాశాను. హోదా కావాలంటే ఆయన్నే చెప్పుకోమనండి.