మామయ్యా, కాస్త దిద్దిపెట్టవూ

మా మేనల్లుడు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సేల్స్ చూస్తాడు. నేను విజయవాడలో ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాస్తాను. మనం కొన్న సరుకు బిల్లుల్ని జీఎస్టీ పోర్టల్లో కనిపించే జీఎస్టీఆర్-2బీతో సరిచూసే సాఫ్ట్‌వేర్ వాడు అమ్మేది. మెయిళ్లు పంపేది మా షావుకారు లాంటి వాళ్లకి. అందుకే ఒక ఆదివారం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ నా ఒళ్లో పెట్టి, "మామయ్యా, కాస్త భాష దిద్దిపెట్టవూ. సగం మంది తెరుస్తున్నారు గానీ పలకడం లేదు" అన్నాడు.

తెరుస్తున్నారని నీకెలా తెలుసురా అంటే, మెయిల్లో కంటికి ఆనని బొమ్మ ఒకటి దాచి పెడతారట. అది దిగితే తెరిచినట్టు లెక్కట. ఆపిల్ ఫోన్ల మెయిల్ యాప్‌లో 2021 నుంచి ఒక ఏర్పాటు ఉంది. అది పెట్టుకున్న వాళ్లకి, మెయిల్ చదివినా చదవకపోయినా బొమ్మ దానంతటదే దిగిపోతుంది. అంటే ఆ సగం మందిలో కొందరు గుర్రుపెట్టి నిద్రపోతూ తెరిచారన్నమాట. జవాబులెన్ని అంటే ఒక్కటి. "మా పేరు తీసెయ్యండి" అని.

మెయిల్ చదివాను. అచ్చం పెళ్లి శుభలేఖ. వధూవరుల పేర్ల దాకా వెళ్లాలంటే ముందు తాతముత్తాతల్ని దాటాలి. "మీరు, మీ కుటుంబసభ్యులు క్షేమమని తలుస్తాను" అని మొదలై, కంపెనీ ఎప్పుడు పుట్టింది, పెట్టినవాళ్లు ఏ కాలేజీలో చదివారు, ఏయే అవార్డులొచ్చాయి... ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ చేసే పనులు వరసగా చుక్కలు పెట్టి. ఆటోమేటిక్ మ్యాచింగ్, సప్లయర్లకి రేటింగ్, రంగురంగుల డాష్‌బోర్డు, ఎక్కడినుంచైనా చూసుకునే సౌకర్యం, సమయం ఆదా. చివర్లో మూడు కోరికలు: ఈ లింకు నొక్కి అరగంట డెమోకి టైము తీసుకోండి, జతచేసిన బ్రోషర్ చూడండి, మమ్మల్ని లింక్డిన్‌లో ఫాలో అవ్వండి.

"ఒరేయ్, మా షావుకారు దీన్ని ఎక్కడ చదువుతాడనుకున్నావు?"

"ఆఫీసులో."

ఆఫీసా! గల్లాపెట్టె పక్కన, ఒక చెవికి ఫోను, ఎదురుగా పైపుల లోడు దించుతున్న హమాలీలు. రెండో ఫోను తెర మీద మెయిల్ తొలి వాక్యం మాత్రమే మెరుస్తుంది. ఆ ఒక్క వాక్యాన్నీ వీడు ఆయన కుటుంబ క్షేమానికి ఖర్చుపెట్టాడు. ఎరగని వాడు మన ఇంట్లోవాళ్ల క్షేమం అడిగితే మా షావుకారుకి వచ్చే మొదటి అనుమానం, వీడు చిట్టీల వాడేమో అని.

ఇన్ని లాభాల్లో ఏదుంచాలి అని బావా బావమరుదుల సాక్షిగా తర్జనభర్జన పడ్డాం. వాడు "సమయం ఆదా" అన్నాడు. ఎవరి సమయం? నాది. నా సమయం ఆదా చెయ్యడానికి మా షావుకారు రూపాయి తీస్తాడా! ఈ మాట నాకు నేనుగా చెప్పుకోవాల్సి రావడం కాస్త కష్టమే అనిపించింది. డాష్‌బోర్డా? ఆయనకి కారులో ఉన్న డాష్‌బోర్డు చాలు.

ఆయనకి ఒళ్లు మండే విషయం ఒకటుంది. లక్ష రూపాయల పైపులు కొన్నామనుకోండి, 18 శాతం చొప్పున 18,000 పన్ను సప్లయర్ చేతిలో పోశాం. అతను ఆ బిల్లుని తన జీఎస్టీఆర్-1లో మరుసటి నెల 11వ తేదీలోపు చూపిస్తే 14న మా 2బీలో కనబడుతుంది. 20న మేం 3బీ వేసేటప్పుడు ఆ 18,000 మినహాయించుకుంటాం. అతను మరిచిపోతే 2022 జనవరి నుంచి ఆ నెలకి మినహాయింపు లేదు. సప్లయర్‌కి ఇచ్చిన 18,000 పోగా, మళ్లీ 18,000 బ్యాంకులోంచి తీసి కట్టాలి. ఇక మా షావుకారు అడిగేది ఒకటే ప్రశ్న: "వాడికి పూర్తి పేమెంట్ ఎవడు పంపాడు?" అందరూ నా వైపు చూస్తారు.

మా మేనల్లుడి కళ్లు మెరిశాయి. "అయితే 'ఇక మీ ఐటీసీ పైసా కూడా పోదు' అని రాస్తాను!"

రాయకూడదు, ఎందుకంటే అబద్ధం. సప్లయర్ 12న మేలుకుంటే ఆ బిల్లు పై నెల 2బీలోకి పోతుంది. దాన్ని వీడి సాఫ్ట్‌వేర్ కాదు కదా, వీడి సీఈఓ వెనక్కి తేలేడు. సాఫ్ట్‌వేర్ చెయ్యగలిగింది, ఏ సప్లయర్ బిల్లు ఎంత మేరకు రాలేదో చెప్పడం. ఆ జాబితా చేతిలో ఉంటే ఆ సప్లయర్‌కి పన్ను మొత్తం ఆపి మిగతాది పంపుతాం. ఆపిన డబ్బు చూసి ఎంత మరపుమనిషికైనా జ్ఞాపకశక్తి వస్తుంది. చెప్పాల్సిన లాభం ఆ జాబితానే.

తర్వాత కోరికల సంగతి. మూడు పనులు చెబితే మనిషి ఒక్కటీ చెయ్యడు. సైబర్ మోసాల కథలు రోజూ పేపర్లో చదివే మనిషి ఎవడో పంపిన లింకు నొక్కడు. అరగంట డెమో అంటే అరగంట హమాలీల మీంచి కన్ను తియ్యడం. పోనీ కొనుగోళ్ల రిజిస్టర్ పంపమందామా అన్నాడు వాడు, పోర్టల్ ఓటీపీ కూడా అడిగితే పని త్వరగా అవుతుందట. అలా అడిగితే జవాబు మెయిల్లో రాదు నాయనా, స్టేషన్ నుంచి వస్తుంది. మొదటి ఉత్తరంలో అడగాల్సింది ఆయన బొటనవేలితో, ఫోన్ చెవి నుంచి దించకుండా చెయ్యగలిగిన పని.

టీ చల్లారే లోపు మిగిలింది ఇదీ:

విషయం: 2బీలో రాని బిల్లులు

"నమస్తే అండీ. మీరు కొన్న సరుకు బిల్లుల్లో 2బీలో రానివి ఏ సప్లయర్‌వో, ఎంత పన్నో ప్రతి నెలా 15న ఒక్క పేజీలో ఇస్తాం. డబ్బు పంపేముందు చూసుకోవచ్చు. హార్డ్‌వేర్ కొట్టు నమూనా పేజీ ఒకటి పంపమంటారా? 'పంపు' అని జవాబిస్తే చాలు. 'వద్దు' అంటే మళ్లీ రాయం."

కింద వాడి పేరు, కంపెనీ పేరు, ఫోన్ నంబరు. వాడు దాన్ని ఆస్తి పంపకంలో అన్యాయం జరిగిన వాడిలా చూశాడు. "అవార్డులు?" అన్నాడు. "ఆయన 'పంపు' అన్నాక, నమూనా వెనకాల పంపు." అవార్డులు అప్పుడైనా చదువుతాడని నేను హామీ ఇవ్వలేదు.

ఇక పంపేద్దాం అంటుంటే వాడి జాబితా చూశాను. గుండె ఆగినంత పనైంది. అందులో బోలెడు మంది కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న కొట్ల వాళ్లు. వాళ్లకి అసలు ఐటీసీ తీసుకునే హక్కే లేదు, 2బీలో బిల్లు వస్తే ఎంత, రాకపోతే ఎంత! మెయిల్ ఎంత కత్తిరించినా వాళ్ల దగ్గర పనికిరాదు. జీఎస్టీ నంబరు కొడితే ఎవరు రెగ్యులరో ఎవరు కాంపోజిషనో పోర్టల్లో ఎవరికైనా కనిపిస్తుంది. ఆ రాత్రి వాడు ఆ పనిలో కూర్చున్నాడు. జాబితా కూడా మెయిల్ లాగే బాగా చిక్కింది.

మాలాంటి కొట్లకి సరుకమ్మే మేనల్లుళ్లందరికీ ఒక విన్నపం. నెలలో 11 నుంచి 20 దాకా మెయిల్ పంపకండి, మేం చదవం. 21న పంపండి. సప్లయర్ మరపుకి ముందురోజే బ్యాంకులోంచి డబ్బు కట్టి ఉంటాం, షావుకారు ఇంకా అరుస్తూనే ఉంటాడు. ఆ పూట నాలుగు వాక్యాలైతే చదువుతాడు.