సెలవు చీటీ: వినకూడని నాలుగు సలహాలు

సంక్రాంతి దగ్గరపడితే ప్రభుత్వ ఆఫీసుల్లో సెలవు చీటీల గురించి సలహాలు మొదలవుతాయి. అన్నీ తేలిగ్గానే వినిపిస్తాయి. వాటిని నమ్మినవాళ్లకు మాత్రం ఖాతాలో సెలవులు తరుగుతాయి. 2025 సంక్రాంతినే లెక్కగా తీసుకుందాం. వారానికి ఆరు రోజులు పనిచేసే ఆంధ్రప్రదేశ్ జిల్లా కార్యాలయం అనుకోండి. జనవరి 11 రెండో శనివారం, 12 ఆదివారం. 13, 14, 15 తేదీల్లో భోగి, సంక్రాంతి, కనుమ. ఉద్యోగి 16 గురువారం, 17 శుక్రవారం, 18 శనివారం కూడా ఊళ్లోనే ఉండాలనుకున్నాడు. 19 ఆదివారం. 20 సోమవారం డ్యూటీలో చేరతాడు.

సలహా 1: “ఊరెళ్లే రోజు నుంచి వచ్చే రోజు దాకా సెలవు అని రాసెయ్”

ఇలా రాస్తే చీటీలో 11 నుంచి 19 వరకు తొమ్మిది రోజులు కనిపిస్తాయి. నిజంగా ఎగ్గొట్టే పనిదినాలు మూడే. అది క్యాజువల్ లీవ్ అయితే క్లర్కు సెలవు రోజులు తీసేసి మూడే పట్టుకోవచ్చు, ఎందుకంటే సి.ఎల్. మధ్యలో వచ్చే ఆదివారాలు, పండుగలు లెక్కలోకి రావు. అదే చీటీ ఆర్జిత సెలవుకు పెడితే కథ మారుతుంది. ఈ.ఎల్. ఒకసారి మొదలైతే మధ్యలో వచ్చే ఆదివారం కూడా ఈ.ఎల్.లోనే పోతుంది. అడిగింది 11 నుంచి కాబట్టి తొమ్మిది రోజులూ తగ్గుతాయి. 16 నుంచి 18 వరకు మూడు రోజులకే ఈ.ఎల్. అడిగి, ముందున్న సెలవులను ప్రిఫిక్స్‌గా, వెనక ఆదివారాన్ని సఫిక్స్‌గా కలుపుకోవడానికి అనుమతి కోరితే మూడే పోతాయి.

సలహా 2: “క్యాలెండర్‌లో ఎర్రగా ఉంటే సెలవే”

గోడ క్యాలెండర్ ప్రభుత్వ ఉత్తర్వు కాదు. కనుమ ఆంధ్రప్రదేశ్‌లో సాధారణ సెలవు, తెలంగాణలో ఐచ్ఛిక సెలవు. హైదరాబాద్‌లోని ఉద్యోగి తనకున్న ఐదు ఐచ్ఛిక సెలవుల్లో ఒకటి ముందుగా అడిగి తీసుకోకపోతే, 15వ తేదీ అతనికి పనిదినమే. అప్పుడు అవే తేదీలకు మూడు కాదు, నాలుగు సి.ఎల్.లు పడతాయి. రంజాన్, బక్రీద్ వంటివి నెలవంకను బట్టి మారతాయి కాబట్టి, వాటి పక్కన సెలవు పెట్టేవాళ్లు చివరి ఉత్తర్వు చూసుకోవాలి. ఏటా వచ్చే సెలవుల జీవోలో సాధారణ సెలవుల జాబితా వేరు, ఐచ్ఛిక సెలవుల జాబితా వేరు. రెండూ చూశాకే తేదీలు రాయండి.

సలహా 3: “పండుగలు లెక్కలోకి రావు కదా, ఇంకో రెండు సి.ఎల్.లు తగిలించు”

సి.ఎల్.కు పండుగలు, ఆదివారాలు కలుపుకోవచ్చు కానీ, మొత్తం గైర్హాజరు పది రోజులు దాటకూడదు. మన ఉద్యోగి 11 నుంచి 19 వరకు తొమ్మిది రోజులు లేడు. 20 సోమవారం కూడా సి.ఎల్. పెడితే సరిగ్గా పది, అది చెల్లుతుంది. 21 మంగళవారం కూడా పెడితే పదకొండు. వాడిన సి.ఎల్.లు ఐదే అయినా నియమం తప్పినట్టే. అంతకాలం కావాలంటే ఈ.ఎల్. అడగాలి. అప్పుడు 16 నుంచి 21 వరకు ఆరు రోజులు పోతాయి, ఎందుకంటే 19 ఆదివారం మధ్యలో చిక్కుకుంది. అందుకే రెండు లెక్కలు వేరువేరుగా వేయండి: ఖాతాలో ఎన్ని రోజులు తగ్గుతాయి, ఆఫీసుకు మొత్తం ఎన్ని రోజులు రావడం లేదు.

సలహా 4: “మూడు రోజులు అని రాస్తే చాలు, తేదీలు వాళ్లే చూసుకుంటారు”

చూసుకోరు. ‘16 నుంచి మూడు రోజులు’ అంటే 18 సాయంత్రం దాకానా, 19 ఆదివారం కూడా కలిపా అన్నది చదివేవాళ్ల ఊహకు వదిలేసినట్టే. ఐదు రోజుల పనివారం ఉన్న కార్యాలయంలో అయితే 18 శనివారం అసలు పనిదినమే కాదు. తేదీ, వారం, పనిదినాల సంఖ్య, తిరిగి చేరే రోజు నాలుగూ రాస్తే ఒకదాన్ని ఇంకొకటి సరిచూస్తుంది. వారం తప్పు పడినా వెంటనే కనిపిస్తుంది. ఇలా రాయండి:

“2025 జనవరి 16 (గురువారం) నుంచి 18 (శనివారం) వరకు, మొదటి చివరి తేదీలతో కలిపి మూడు పనిదినాలకు సి.ఎల్. మంజూరు చేయగలరు. ముందున్న 11 (రెండో శనివారం), 12 (ఆదివారం), 13, 14, 15 (భోగి, సంక్రాంతి, కనుమ) సెలవులను, వెనకున్న 19 (ఆదివారం)ను కలుపుకొని హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లడానికి అనుమతి కోరుతున్నాను. 20 (సోమవారం) ఉదయం విధుల్లో చేరతాను.”

చీటీ ఇచ్చే ముందు ఆ సంవత్సరం సెలవుల జీవో పక్కన పెట్టుకుని ఒక్కో తేదీ మీద వేలు పెట్టి చదవండి. మంజూరు ఉత్తర్వు చేతికొచ్చాక అందులో ఉన్న తేదీలు మీ చీటీతో సరిపోతున్నాయో లేదో కూడా చూడండి. తేడా ఉంటే ఊరెళ్లే ముందే సరిచేయించుకోండి. తిరిగొచ్చాక తగ్గిన సెలవును ఖాతాలో మళ్లీ వేయించుకోవడం చాలా కష్టం.